సూ వీడ్: చికెన్ బ్రెస్ట్‌కు 60 డిగ్రీలా, 65 డిగ్రీలా? గుడ్డుకు 63 డిగ్రీలా, 75 డిగ్రీలా?

సూ వీడ్ అంటే గాలి తీసిన సంచిలో పెట్టి, ఒకే వేడి దగ్గర నిలిపిన నీళ్లలో వండటం. చికెన్ బ్రెస్ట్ ఇలా 60 డిగ్రీల నీళ్లలో ఉడికితే ముక్క నిండా రసం నిలుస్తుంది, కోస్తే మెత్తగా, కాస్త గులాబీ ఛాయతో ఉంటుంది. 65 దగ్గర తెల్లబడి, మనకు అలవాటైన పీచు పట్టు వస్తుంది. ముక్కలోంచి సంచిలోకి నీరు ఎక్కువగా దిగినా, మామూలుగా వండిన ముక్కంత పొడిబారదు. రుచికి నేను 60కే ఓటేస్తాను. పచ్చిగా ఉందని ఇంట్లోవాళ్లు పక్కన పెట్టేస్తారనుకుంటే 65 పెట్టండి.

రెండూ సురక్షితమే, కానీ సమయం విషయంలో 60 కచ్చితంగా ఉంటుంది. సాల్మొనెల్లా చావాలంటే ముక్క నడిమధ్య 60కి చేరాక ఇంకో అరగంట దాకా ఆ వేడిలోనే ఉండాలి. 65 దగ్గర కొద్ది నిమిషాలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన అంగుళం మందం ముక్కకు 60లో గంటన్నర, 65లో గంట. అంగుళంన్నర ముక్కకైతే 60లో రెండున్నర గంటలు పెట్టాలి. చూడాల్సింది బరువు కాదు, మందం. అందుకే లావు ముక్కను అడ్డంగా చీల్చి అంగుళానికి తెచ్చుకోవడం మేలు. నాలుగు గంటలు దాటితే పీచు చితికి పిండిలా అవుతుంది. 55 కంటే కిందికి దించకండి, అక్కడ సూక్ష్మక్రిములను చంపుతున్నామన్న భరోసా ఉండదు. సంచిలో గాలి మిగిలి ముక్క పైకి తేలినా లెక్క తప్పుతుంది.

మన వంటగదిలో జరిగే పొరపాటు ఒకటుంది: పచ్చి అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి సంచిలో వేయడం. అల్లంలో మాంసాన్ని కరిగించే ఎంజైమ్ 60 డిగ్రీల దగ్గరే చురుగ్గా పనిచేస్తుంది, పైపొర జావలా అవుతుంది. వెల్లుల్లికి పచ్చివాసన కూడా పోదు. పావుకిలో ముక్కకు అర టీస్పూను ఉప్పు, మిరియాలు చాలు. ముద్దను చివర్లో నూనెలో వేయించి, తడి తుడిచిన ముక్కను అందులో ఒక్కో వైపు ముప్పావు నిమిషం కాల్చండి.

గుడ్డు సంగతి వేరు. తెల్లసొన, పచ్చసొన వేర్వేరు వేడి దగ్గర గట్టిపడతాయి. 63లో గంట ఉంచితే పచ్చసొన చిక్కటి తేనెలా అవుతుంది, తెల్లసొన మాత్రం వణుకుతూ ఉంటుంది. అందులో గట్టిపడే ముఖ్యమైన ప్రోటీన్‌కు 80 డిగ్రీల దాకా కావాలి మరి. పగలగొట్టి చిల్లుల గరిటెలో పోస్తే పలచటి భాగం జారిపోతుంది. 75లో 13 నిమిషాలు ఉంచితే తెల్లసొన చక్కగా పట్టుకుంటుంది, పచ్చసొన కారుతుంది. కానీ ఇక్కడ రెండు నిమిషాల తేడా కూడా తెలిసిపోతుంది. ఫ్రిజ్ గుడ్డును తీసిన వెంటనే వేయాలి, సమయం కాగానే చల్లనీళ్లలో ముంచాలి.

అన్నంలోకి, నూడిల్స్‌లోకి 75 గుడ్డే బాగుంటుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు మాత్రం 63లో గంట ఉంచిందే పెట్టండి. 13 నిమిషాల్లో పచ్చసొన మధ్యభాగం తగినంతసేపు వేడిలో ఉండదు.

చికెన్, గుడ్లు ఒకే తొట్టెలో కావాలంటే 63 పెట్టి, అంగుళం ముక్కను గంటంపావు, గుడ్లను గంట ఉంచితే రెండూ కుదురుతాయి.