నేవీ బండి, కొరియర్ ఛార్జీ, ఉత్తుత్తి ఎస్క్రో: సెకండ్ హ్యాండ్ బళ్ల యాప్‌ల మీద నా సమీక్ష

సెకండ్ హ్యాండ్ బళ్ల యాప్‌లు చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మా స్కూటర్ అక్కడే కొన్నాం, పాత బైక్ అక్కడే అమ్మాం. బండి వెతకడానికి ఇవి బాగా పనికొస్తాయి. డబ్బు విషయానికి వచ్చేసరికి మాత్రం నేను వాడిన ఏ యాప్ కూడా కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య డబ్బు పట్టుకుని ఉంచదు. మోసగాళ్లు దూరేది ఆ సందులోంచే.

మన వైజాగ్‌లో ఎక్కువగా వినిపించేది నేవీ కథ. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది, ఎయిర్‌పోర్టు కూడా నేవీ స్థలంలోనే ఉంది కాబట్టి అబద్ధం ఇట్టే అతుకుతుంది. గాజువాకలో ఉండే మా బావమరిది 2018 మోడల్ బుల్లెట్ ఒకటి 65 వేలకు కనిపిస్తే మెసేజ్ పెట్టాడు. ఆ మోడల్‌కి అది మరీ తక్కువ ధర. అవతలి మనిషి తనకు ట్రాన్స్‌ఫర్ అయ్యిందనీ, బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉందనీ, డ్యూటీలో ఫోన్ మాట్లాడనివ్వరనీ చెప్పాడు. అడగకుండానే ఆధార్, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో ఫోటో వాట్సాప్‌లో పంపాడు. నిజమైన అమ్మకందారు పరిచయమైన పది నిమిషాలకే ఇన్ని కార్డులు పంపడు. అవి చాలావరకు అంతకుముందు మోసపోయినవాళ్లవో, ఎక్కడో దొరికినవో అయ్యుంటాయి.

తర్వాత ‘ఆర్మీ కొరియర్’ బిల్లు వచ్చింది, 3,150 రూపాయలు. బండి ఎయిర్‌పోర్టులో ఉంటే గాజువాక నుంచి ఆటోలో వెళ్లి చూసి రావచ్చు కదా, కొరియర్ ఎందుకని నేనడిగితే మావాడు ‘లోపలికి సివిలియన్లని రానివ్వరట బావా’ అన్నాడు. అప్పటికే కట్టేశాడు. సాయంత్రానికి ఇంకో 8,500 అడిగారు. ఈసారి ‘రీఫండబుల్’ సెక్యూరిటీ డిపాజిట్ అట. ఈ కథల్లో రెండో మొత్తం ఎప్పుడూ తిరిగొస్తుందనే చెబుతారు. మొదట పోయినది దక్కించుకోవాలన్న ఆశతోనే మనిషి రెండోది కడతాడు.

అది కట్టనంటే ఎస్క్రో లింకు పంపారు. మొత్తం డబ్బు అక్కడ వేస్తే బండి చూసి ‘ఓకే’ అన్నాకే అమ్మకందారుకి వెళుతుందట. పేజీ మీద యాప్ లోగో, తాళం గుర్తు, చాట్‌లో ‘కస్టమర్ కేర్’ అన్నీ ఉన్నాయి. దొంగ పేజీ తేల్చడానికి నేను రెండే చూస్తాను. మొదటిది వెబ్ చిరునామా. యాప్ పేరు ముందు ఎక్కడో ఉంటే లెక్కలోకి రాదు. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత ‘/’కు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకి చదివితే, .com లాంటి తోకకు ఆనుకుని ఉన్న పేరే అసలు యజమాని. ఇక్కడ అది ఎవరికీ తెలియని పేరు. రెండోది డబ్బు చేరే ఖాతా. యూపీఐలో పంపేముందు ఖాతాదారు పేరు కనిపిస్తుంది. అక్కడ కంపెనీ పేరు లేదు, ఆధార్‌లో ఉన్న పేరు కూడా కాదు, ఇంకెవరిదో సేవింగ్స్ ఖాతా. ఇలాంటి పేజీల్లో డబ్బు వేశాక ‘పైసలతో సహా ఎంటర్ చేయలేదు, మళ్లీ పూర్తిగా పంపండి, మొదటిది వెనక్కి వస్తుంది’ అని రెండోసారి లాగడం కూడా ఉంటుంది.

ఇప్పుడు ఎవరు బదిలీ కథ చెప్పినా నేను ఒకటే అడుగుతాను: ‘ఊళ్లో మీ స్నేహితుడెవరైనా బండి చూపిస్తారా? లేదంటే వీడియో కాల్‌లో ఛాసిస్ నంబర్ చూపించండి.’ నిజంగా బదిలీ అయిన నేవీ ఆయన ఎవరినో ఒకరిని పంపుతాడు. దొంగ దగ్గర బండే ఉండదు, ఫోటోలు ఇంకో ప్రకటనలోంచి ఎత్తుకొచ్చినవి. మావాడి బుల్లెట్ వెనక ఉన్న షాపు బోర్డు కన్నడంలో ఉంది!

ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొట్టి మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, లోన్ ఉందో లేదో చూడటం మంచిదే. కానీ దానితో సగం పనే అవుతుంది, ఎందుకంటే దొంగ వేరేవాళ్ల నిజమైన ఆర్‌సీ పంపితే వివరాలన్నీ సరిపోతాయి. అందుకే బండి ఎదురుగా ఉన్నప్పుడు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో పోల్చి, బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే డబ్బిస్తాను. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఆర్‌సీలో లోన్ తీయించే ఫారం 35 కూడా చేతికి రావాలి. టోకెన్ అడ్వాన్స్ అయినా బండి చూశాకే.

అమ్మేటప్పుడు ఇదే కథ తిరగబడుతుంది. ‘ఆర్మీ అకౌంట్ నుంచి అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచే పోతుంది.

మావాడి చేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించాను. డబ్బు పంపినప్పుడు వచ్చే యూటీఆర్ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గరుంటే పని త్వరగా అవుతుంది. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటే ఆపడం సులువు, చేతులు మారిపోతే కష్టం. మావాడి 3,150 ఇంకా రాలేదు. యాప్‌లో రిపోర్ట్ కొడితే ప్రకటన తీసేశారు గానీ, కొన్నాళ్లకే అవే ఫోటోలతో, అదే కన్నడ బోర్డుతో, ఇంకో పేరు మీద మళ్లీ వేశారు. వెతకడానికి నాలుగు నక్షత్రాలిస్తాను, రిపోర్ట్ బటన్‌కి ఒక్కటే.