మూడు బకెట్ల పద్ధతి: ఆరేళ్లు వాడాక నా మాట

రిటైర్మెంట్ డబ్బును మూడు బకెట్లుగా విడగొట్టడం గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. దగ్గరి ఏళ్లకు నగదు, మధ్య ఏళ్లకు బాండ్లూ డిపాజిట్లూ, దూరపు ఏళ్లకు షేర్లు. అదంతా మళ్లీ చెప్పను. మార్కెట్ పడినప్పుడు షేర్లు అమ్మకుండా ఆగగలగడం, నాకు ఈ పద్ధతిలో నచ్చింది అదొక్కటే. నా కోపం కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఎలా విడగొట్టాలో అందరూ చెబుతారు. ఖర్చయిపోతున్న మొదటి బకెట్‌ను ఎప్పుడు, ఎందులోంచి నింపాలన్నది మాత్రం తేల్చి చెప్పరు. అసలు పనంతా ఉన్నది అందులోనే.

మాది గుంటూరు, బ్రాడీపేట. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి 2019లో రిటైరయ్యాను. పీఎఫ్ పెన్షన్ పాలకీ కరెంటు బిల్లుకీ సరిపోతుంది. అది కాక నెలకు 30 వేలు, అంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు కావాలి. చేతిలో ఉన్నది 66 లక్షలు. మావాళ్లంతా అమరావతి వైపు స్థలం కొనమన్నారు. స్థలం నెలనెలా బియ్యం కొనిపెట్టదు కదా అని ఇటు వచ్చాను. మూడేళ్ల ఖర్చు కింద 11 లక్షలు సేవింగ్స్ ఖాతాలో, లిక్విడ్ ఫండ్‌లో పెట్టాను. మధ్య బకెట్‌లో 25 లక్షలు: అందులో 15 పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌కి, మిగతా 10 లక్షలు రెండేళ్లకొకటి, మూడేళ్లకొకటి ఇలా వరసగా కాలం తీరే డిపాజిట్లకి. చివరి 30 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోకి వెళ్లాయి. అప్పుడు నిఫ్టీ 11 వేల దగ్గర ఉంది.

2020 మార్చి 23న నిఫ్టీ 7,610కి పడింది. ఏప్రిల్ మొదటి వారానికి నా 30 లక్షలు 22 లక్షలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఫండ్ కొనిపెట్టిన ఏజెంటు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఏప్రిల్ వచ్చింది. ఏడాదికోసారి బకెట్ నింపాలని అనుకున్నాం గదా. 3 లక్షల 60 వేలకి యూనిట్లు అమ్మేద్దాం, ఫారం పంపిస్తున్నా."

"మొదటి బకెట్‌లో ఇంకా 9 లక్షల పైన ఉంది బాబూ. ఇప్పుడు ఎందుకు అమ్మాలి?" అన్నాను.

"రూల్ అదేనండీ, ఏటా నింపడం."

అతని తప్పు కాదు, అతనికి నేర్పింది అంతే. కానీ లెక్క చూడండి. 22 లక్షలున్నప్పుడు 3 లక్షల 60 వేలు తీస్తే ప్రతి వంద యూనిట్లలో 16 పోతాయి. అలా పోయినవి మార్కెట్ లేచినా తిరిగి రావు. అదే మొత్తం 2021 మార్చి చివర్లో, నా ఫండ్ విలువ 40 లక్షల దగ్గరున్నప్పుడు తీస్తే వందకు 9 యూనిట్లే పోయాయి. ఇంటికొచ్చే డబ్బు అంతే, ఖర్చయ్యే యూనిట్లలో మాత్రం ఇంత తేడా. రిటైరయిన తొలి ఏళ్లలో మార్కెట్ పడితే వచ్చే ప్రమాదం ఇదే. దీన్ని తప్పించడానికే మొదటి బకెట్ ఉంది. తేదీ చూసి నింపితే ఆ బకెట్ ఉన్నా లేనట్టే. షేర్ల ఫండ్ నుంచి నెలనెలా డబ్బు వచ్చేలా ఏర్పాటు చేసుకుని, దానికి బకెట్ల పద్ధతి అని పేరు పెట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లు పడిన నెలలోనూ అమ్ముతున్నారు, లేచిన నెలలోనూ అమ్ముతున్నారు.

ఆ ఫోన్ తర్వాత నింపే నియమం నేనే రాసుకున్నాను. ఏటా మార్చిలో ఒకసారి చూస్తాను. ఫండ్ ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, నిరుటి మార్చి కంటే కనీసం 5 శాతం పెరిగి ఉంటే ఏడాది ఖర్చు షేర్ల నుంచి తీస్తాను. పెరగకపోతే షేర్లు ముట్టను, మధ్య బకెట్‌లో ఆ ఏడాది కాలం తీరిన డిపాజిట్ ఉంటే దాన్ని దించుతాను. అదీ లేకపోతే మొదటి బకెట్ తగ్గనిస్తాను. ఏడాది ఖర్చుకు తగ్గినప్పుడు మాత్రం ధర ఎలా ఉన్నా అమ్మక తప్పదు. ఇంతవరకు అంత దూరం రాలేదు.

2021లో రెండేళ్లది తీశాను, ఆగిపోయిన ఏడాదిదీ ఆ ఏడాదిదీ. సగం మార్చి చివరి వారంలో, సగం ఏప్రిల్ మొదటి వారంలో అమ్మాను. అలా చేస్తే లాభం రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య చీలుతుంది. అప్పట్లో ఏడాదికి లక్ష దాకా దీర్ఘకాలిక లాభానికి పన్ను లేదు. రెండు సగాల్లోనూ లాభం 90 వేల దగ్గరే ఆగింది, పన్ను పడలేదు. ఇప్పుడు ఆ పరిమితి లక్షా 25 వేలు, దాటినదాని మీద 12.5 శాతం. మార్చిని ఎంచుకున్నది ఇందుకే. వచ్చిన డబ్బులో ఒక ఏడాదిది మొదటి బకెట్‌లోకి, రెండోది మధ్య బకెట్‌లోకి వెళ్లింది.

మధ్య బకెట్ గురించి మొదట్లో నేను అందరికీ చాలా గొప్పగా చెప్పేవాణ్ణి. పోస్టాఫీసు స్కీమ్‌లో 8.6 శాతానికి 15 లక్షల మీద మూడు నెలలకోసారి 32,250 వచ్చి పడేది. అలా మొదటి బకెట్ ఏటా మూడో వంతు దానంతట అదే నిండేది. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. ఆ వడ్డీ నేను చేరిన రోజున కుదిరింది, ఐదేళ్లూ మారలేదు. 2020 ఏప్రిల్‌లో చేరినవాళ్లకు 7.4 శాతమే దొరికింది. బ్యాంకుల్లో వడ్డీ ఇంకా తక్కువ. నా డిపాజిట్ ఒకటి 2021లో కాలం తీరితే తిరిగి వేసినప్పుడు ఐదున్నర శాతం కూడా రాలేదు. ఇంకో సంగతి, ఆ స్కీమ్‌లో డబ్బు ముందే తీస్తే కోత ఉంటుంది, రెండేళ్లు దాటాక కూడా అసలులో ఒక శాతం. అందుకే మధ్య బకెట్ మొత్తం అందులోనే పెట్టేయకూడదు, ఏటా ఎంతో కొంత చేతికొచ్చేలా ఉండాలి.

ఆ ఏర్పాటు నాకు 2025లో పనికొచ్చింది. 2024 సెప్టెంబరులో 26 వేలు దాటిన నిఫ్టీ 2025 మార్చి మొదట్లో 22 వేల దగ్గరికి దిగింది. నిరుటి కంటే పెరగలేదు కాబట్టి షేర్లు అమ్మలేదు. 2024 ఆగస్టులో పోస్టాఫీసు స్కీమ్ కాలం తీరినప్పుడు 12 లక్షలే 8.2 శాతానికి తిరిగి వేసి, 3 లక్షలు బయట ఉంచుకున్నాను. ఆ ఏడాది వాటితోనూ, చాలనిది మొదటి బకెట్‌లోంచి తీసీ గడిచింది. ఈలోపు నెల ఖర్చు 42 వేలయింది, మూడేళ్ల బకెట్ అంటే ఇప్పుడు 15 లక్షలు. ఇది ఎవరూ ముందు చెప్పరు: ధరలతో పాటు బకెట్ సైజు కూడా పెరగాలి.

నేను చూసిన పతనాలు కొద్దికాలమే ఉన్నవని ఒప్పుకోవాలి. 2020లో నెలల్లోనే కోలుకుంది. 2008 జనవరిలో నిఫ్టీ చేరిన ఎత్తు 2010 చివర్లో కొద్ది రోజులు కనిపించి, మళ్లీ జారి, 2014 దాకా నిలకడగా రాలేదు. అలాంటి కాలంలో మూడేళ్ల నగదు చాలదు, మధ్య బకెట్ కూడా బాగా కరిగేది. కాబట్టి ఈ పద్ధతి నిలబడిందని నేనంటే, నాకు దొరికిన ఆరేళ్లలో నిలబడిందని అర్థం.

ప్రభుత్వ పెన్షన్ ఉన్నవాళ్లకు మూడేళ్ల నగదు ఎక్కువే, ఏడాదిది ఉన్నా నడుస్తుంది. రిటైరయినప్పుడు నాకు ఏడాది ఖర్చుకు పద్దెనిమిది రెట్లు చేతిలో ఉంది, అందుకే మూడో బకెట్‌లో 30 లక్షలు మిగిలాయి. పది రెట్లే ఉన్నవాళ్లకు మొదటి రెండు బకెట్లకే డబ్బంతా అయిపోతుంది, షేర్లకంటూ ఏమీ మిగలదు. వాళ్లకు నేను ఇది చెప్పను. పై వాటా అద్దెకివ్వడమో, ఇంకో మూడేళ్లు ట్యూషన్లు చెప్పడమో ముందు చూసుకోమంటాను.