బ్యాంక్ మెయిల్‌లో అన్నీ రాయాలా, నాలుగు ముక్కలు రాసి ఫైల్ పెట్టాలా?

ముందు ఒక మాట. ఐబీపీఎస్ క్లర్క్‌కైనా పీఓకైనా దరఖాస్తు వాళ్ల వెబ్‌సైట్‌లోనే, మెయిల్‌లో పంపితే ఎవరూ చూడరు. ప్రొవిజనల్ అలాట్‌మెంట్ వచ్చాక బ్యాంకు కాగితాలు అడిగినప్పుడో, మెయిల్‌లో దరఖాస్తు తీసుకునే చిన్న బ్యాంకుకో ఈ మెయిల్ పనికొస్తుంది.

ఒడిశాలోని రాయగడలో మా వీధి అమ్మాయి బీకాం చేసి క్లర్క్‌కి ఎంపికైంది. మొదట రాసిన మెయిల్‌లో కుటుంబం, చదువు, కోచింగ్ అన్నీ వరుసగా రాసేసి, కాగితాలకి మాత్రం ఏడెనిమిది విడి ఫోటోలు పెట్టింది. అలా రాస్తే చదివేవాళ్లకి రోల్ నంబర్ వెతుక్కోవడమే పని, పైగా `IMG_2031.jpg` అని ఉంటే లోపల మార్కుల షీటో ఆధారో తెరిస్తే గానీ తెలియదు.

నాలుగు ముక్కలు రాసి ఫైల్ పెట్టే రెండో పద్ధతే నాకు నచ్చింది. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు, రోల్ నంబర్, పేరు. మెయిల్‌లో డిగ్రీ, యూనివర్సిటీ, ఫలితం వచ్చిన తేదీ (కటాఫ్ తేదీ లోపల పాసయ్యామా అన్నదే వాళ్లు చూస్తారు), స్కోరు, జతపరిచిన కాగితాల వరుస. అదే వరుసలో ఒకే పీడీఎఫ్.

అసలు చిక్కు ర్యాంకు దగ్గర వస్తుంది. కోచింగ్ సెంటర్ చెప్పిన "ఆల్ ఇండియా ర్యాంకు" రాయొద్దు, ఐబీపీఎస్ స్కోర్‌కార్డులో ఉండేది మార్కులు. క్లర్క్‌కి ఇంటర్వ్యూ లేదు కాబట్టి మెయిన్స్ స్కోరు చాలు. పీఓకి మాత్రం మెయిన్స్, ఇంటర్వ్యూ 80:20 నిష్పత్తిలో కలిపిన స్కోరు ఉంటుంది, అది రాయాలి. కార్డులో ఉన్న అంకె ఉన్నట్టే దిగాలి, దశాంశం కూడా వదలకూడదు, ఎందుకంటే వాళ్లు కార్డు పక్కన పెట్టుకుని సరిచూస్తారు.

మన వైపు ఇంకో రెండు చూసుకోవాలి. ఇంట్లో తెలుగే అయినా ఆ అమ్మాయి పదో తరగతిలో ఒడియా చదివింది, ఒడిశా క్లర్క్ పోస్టుకి ఆ మార్కుల షీటే స్థానిక భాషకి ఆధారం, అందుకే డిగ్రీ తర్వాత దాన్నే పెట్టించాను. ఎస్‌బీఐ క్లర్క్‌లో అయితే పదిలోనో ఇంటర్‌లోనో ఆ భాష చదివినట్టు చూపిస్తే భాషా పరీక్ష ఉండదని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి ఒడియా తీసుకోనివాళ్లు ఆ భాషా పరీక్షకి సిద్ధపడాలి.

రెండోది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి సర్టిఫికెట్లలో చాలాసార్లు చివర పడుతుంది. ఆధార్‌లో ఒకలా, పదో తరగతిలో ఒకలా ఉంటే స్కోర్‌కార్డులోని పేరుతోనే మెయిల్ రాసి, తేడా ఉన్న సంగతి ఒక వాక్యంలో చెప్పి, అఫిడవిట్‌ని జతపరిచిన వాటిలో చూపించాలి. దీన్ని దాచి పంపితే సర్టిఫికెట్ల పరిశీలన రోజున పట్టుకుంటారు, అప్పుడు నోటరీ కోసం పరుగెత్తాలి.