కాఫీ పొడి ప్రకటన: మాటలతోనా, ఫోటోతోనా?

ఒడిశాలోని జయపురం, రాయగడల్లో కొరాపుట్ కాఫీ పొడి అమ్మే మన తెలుగువాళ్లు ఏఐ వీడియోతో ప్రకటన చేయాలనుకుంటే, మొదటి చిక్కు ఇదే. వర్ణన ఒక్కటే రాసి వీడియో అడగాలా, మన ఫోటో ఇచ్చి దాన్ని కదిలించమనాలా?

ఖర్చు: మాటల దారిలో ఫోటో తీసే పని లేదు. కానీ ప్రతిసారీ గ్లాసు, రంగు, వెలుగు మారిపోతాయి. మళ్లీ మళ్లీ చేయించిన కొద్దీ, వీడియోలు చేయించడానికి వాడే క్రెడిట్లు కరుగుతాయి. ఫోటో దారిలో ఒక పూట శ్రమ, తర్వాత వృథా తక్కువ.

ఆవిరి: మాటల్లో ‘వేడి కాఫీ’ అంటే పొగమంచులాంటిది రావచ్చు. ముదురు నేపథ్యం, వెనుకనుంచి వెలుగు, సన్నగా నెమ్మదిగా లేచే ఆవిరి, కదలని కెమెరా అని రాయాలి. ఫోటో అయితే ఆ వెలుగులోనే తీసి, ఆవిరి కదలికను మాత్రమే అడగాలి.

పోయడం: రెండింటికీ ఇదే గండం. ఒక్కోసారి ధార పడుతున్నా గ్లాసులో మట్టం పెరగదు, లేదా ధార గాజులోంచి దూరిపోతుంది. అందుకే సగం నిండిన గ్లాసులోకి ధార అప్పటికే పడుతున్న ఫోటో ఇచ్చి, నాలుగైదు సెకన్లే అడగండి. మాటలతో ఇంత పట్టు దొరకదు.

చిటపట: పక్కన వేగే వడకైతే మాటలు చాలు, అంచుల చుట్టూ చిన్న బుడగలు అని రాయండి. శబ్దం మన వంటింట్లో రికార్డు చేసిందే నయం.

ప్యాకెట్టు మీది ఒడియా, తెలుగు అక్షరాలు రెండు దారుల్లోనూ వంకరపోవచ్చు. అసలు ప్యాకెట్టు ఫోటోను ఎడిటింగులో చివర అతికించాలి.

సరుకు కనబడాలంటే ఫోటో. వాతావరణం చూపితే చాలనుకుంటే మాటలు.