కొత్త ఫోన్ కొన్నారా? ఎస్ఓఎస్‌లో పేర్లు చేర్చి ఊరుకోవద్దు

కొత్త ఫోన్ తీసుకుని, ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో ఇంట్లోవాళ్ల నంబర్లు ఎక్కించి, "ఇక ఎప్పుడైనా ఐదుసార్లు పవర్ బటన్ నొక్కితే చాలు" అనుకుంటున్నవాళ్ల కోసమే ఈ పోస్టు. చాలామంది దెబ్బతినేది అక్కడే. బటన్ నొక్కితే అత్యవసర నంబరుకు కాల్ వెళ్తుంది, ఇంట్లోవాళ్లకు మాత్రం ఒక్క మెసేజ్ కూడా రాదు. ఫోన్ పాడవలేదు. పేరు చేర్చడం ఒక పని, ఆ పేరుకు మెసేజ్ పంపమని చెప్పడం ఇంకో పని. రెండోది చేయలేదంతే.

ఆండ్రాయిడ్‌లో Safety & emergency అనే మెనూలో ఇవి రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పొరపాటు పడటం తేలిక. ఎమర్జెన్సీ కాంటాక్టుల జాబితా ప్రధానంగా లాక్ స్క్రీన్ మీద చూపించడానికి. మీరు స్పృహలో లేకపోతే, ఎవరైనా ఫోన్ తీసి మీవాళ్లకు కాల్ చేయడానికి పనికొస్తుంది. తనంతట తాను మెసేజ్ వెళ్లాలంటే అదే మెనూలోని Emergency SOS లోపలికి వెళ్లి, కాంటాక్టులతో సమాచారం పంచుకునే ఆప్షన్‌ను విడిగా ఆన్ చేయాలి, ఎవరికి పంపాలో అక్కడ టిక్ పెట్టాలి. లొకేషన్ అనుమతి అడిగితే ఇవ్వాలి. పిక్సెల్‌లోనూ శాంసంగ్‌లోనూ ఈ మాటలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, పాత మోడళ్లలో ఎన్నిసార్లు నొక్కాలన్నది కూడా మారుతుంది. మీ ఫోన్‌లో ఏముందో ఆ పేజీలోనే చూసుకోండి.

అక్కడే ఇంకో రెండు సెట్టింగులు చూడండి. నొక్కిన తర్వాత కౌంట్‌డౌన్ నడిచి ఫోనే మొదలుపెట్టాలా, లేక మీరు స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటేనే మొదలవ్వాలా అన్నది ఒకటి. చేతులు వణికే పరిస్థితిలో వేలు నొక్కి పట్టుకునే పద్ధతిని నమ్మకూడదు. కానీ తనంతట తానే మొదలయ్యేలా పెడితే జేబులో పొరపాటున నొక్కుకుపోయినా కాల్ వెళ్తుంది. 2023లో బ్రిటన్ పోలీసులకు ఇలాంటి అనుకోని కాల్స్ వెల్లువెత్తి బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. బటన్‌ను అదిమే బిగుతు కవర్ ఉంటే మార్చేయండి. రెండో సెట్టింగు కౌంట్‌డౌన్ అలారం. ఎదురుగా ఉన్న మనిషికి తెలియకుండా సాయం అడగాల్సి వస్తే ఆ మోతే కొంప ముంచుతుంది.

ఐఫోన్ దారి వేరు. Health యాప్‌లో Medical ID లోపల ఎమర్జెన్సీ కాంటాక్టులు చేర్చితే చాలు, మెసేజ్‌కు విడిగా స్విచ్ అక్కర్లేదు. అయితే ఇక్కడ మెసేజ్ వెళ్లేది అత్యవసర కాల్ ముగిశాకే, అదీ మీరు రద్దు చేయకపోతేనే. ఆ తర్వాత కొంతసేపు మీరు కదిలిన కొద్దీ కొత్త లొకేషన్ వాళ్లకు అందుతుంది. కాల్ ఇంకా నడుస్తుండగా "మెసేజ్ రాలేదే" అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు, ముందే చెప్పి ఉంచండి.

సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా మెసేజ్ ఆగిపోయే చోట్లున్నాయి. ఇవి సాధారణంగా ఎస్ఎంఎస్‌గానే వెళ్తాయి. ప్లాన్‌లో ఎస్ఎంఎస్‌లు లేకపోతే, బ్యాలెన్స్ సున్నా అయితే, బయటకు పోవు. రెండు సిమ్‌లుంటే మెసేజ్‌లకు ఒక సిమ్‌ను ఖాయం చేయండి, "ప్రతిసారీ అడుగు" అని వదలొద్దు. పిక్సెల్‌లో ఎస్ఎంఎస్‌తో వెళ్లే లింకు తెరిస్తే మ్యాప్ మీద మీరున్న చోటును చూపే చుక్కతో పాటు మీ బ్యాటరీ ఎంత ఉందో కూడా కనిపిస్తుంది. కానీ ఆ చుక్క కదలాలంటే మీ ఫోన్‌లో డేటా ఉండాలి. సిగ్నల్ పోతే చివరిగా తెలిసిన చోటే నిలిచి ఉంటుంది. నేలమాళిగలో, ఎత్తైన భవనాల మధ్య ఆ చుక్క పక్క భవనం మీదో, పక్క వీధి మీదో కూడా పడొచ్చు. అందుకే లింకు అందుకున్నవాళ్లు దాంతో పాటు వచ్చిన సమయం చూడాలి. పావుగంట కిందటి చుక్కను ఇప్పటిదనుకుని పరుగెత్తితే మనిషి దొరకరు.

పరీక్షించకుండా దీన్ని నమ్మొద్దు, అలాగని అత్యవసర నంబరుకు కాల్ పోయేలా పరీక్షించొద్దు. పిక్సెల్‌లో Safety యాప్ తెరిచి ఎమర్జెన్సీ షేరింగ్ ఒక్కదాన్నే మొదలుపెడితే కాల్ లేకుండా మెసేజ్ వెళ్తుంది. కాల్ చేసే నంబరు మార్చే వీలున్న ఫోన్లలో, తాత్కాలికంగా ఇంట్లోవాళ్ల నంబరు పెట్టి ఐదుసార్లు నొక్కి చూడండి, పని అయ్యాక అసలు నంబరు తిరిగి పెట్టండి. ఈ చివరి పని మరిచిపోయేవాళ్లు బోలెడుమంది. నిదానంగా నొక్కితే ఎస్ఓఎస్ బదులు కెమెరా తెరుచుకుంటుంది, అంటే ఇంకా వేగంగా నొక్కాలని అర్థం. పరీక్ష సమయంలో అవతలివాళ్ల ఫోన్‌లోకి వచ్చిన లింకును వాళ్లచేతే తెరిపించండి. మోసం మెసేజ్ అనుకుని తుడిచేసేవాళ్లుంటారు, కొన్ని ఫోన్లలో అది స్పామ్ ఫోల్డర్‌లోనూ పడుతుంది. సిమ్ మార్చినా, ఫోన్ రీసెట్ చేసినా, మీవాళ్లలో ఎవరి నంబరు మారినా ఈ పరీక్షంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.