ఎర్ర నేల మీద ఎర్ర మిర్చి: మిడ్‌జర్నీలో ఒకే బాణీ నిలబెట్టడంపై సమీక్ష

మాటల్లో చెబితే బొమ్మ గీసిచ్చే ఏఐ సాధనం మిడ్‌జర్నీలో ఒక్క మంచి బొమ్మ తీయడం పెద్ద పని కాదు. పన్నెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే చెయ్యి గీసినట్టు కనిపించాలంటేనే అసలు తంటా. వరంగల్, హనుమకొండలలో ప్రింటింగ్ ప్రెస్సులకు క్యాలెండర్లు, శుభలేఖలు డిజైన్ చేసేవాళ్లకు కావలసింది ఆ రెండోదే. స్టైల్ రిఫరెన్స్, స్టైలైజ్, కేయాస్ అనే మూడు సెట్టింగులు ఆ పనికి ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ సమీక్ష. వాడింది ఏడో వెర్షన్. కొలబద్దగా పెట్టుకున్నది 12 బొమ్మల గోడ క్యాలెండర్. అందులో బతుకమ్మ, మేడారం జాతర, కాకతీయ తోరణం, వరి నాట్లు, ఏనుమాముల మార్కెట్లో మిర్చి రాశులు, ఇట్లాంటివి ఉన్నాయి. బాణీ మాత్రం చేర్యాల నకాషీ పటాలను గుర్తుచేసేది: ఎర్రటి నేల, నీడల్లేని చదును రంగులు, నల్లటి సన్నగీత, పూల అంచు.

స్టైల్ రిఫరెన్స్ అంటే ఈ బాణీలో గీయమని మనమిచ్చే నమూనా బొమ్మ. ముందే తేల్చేస్తే, అది పనిచేస్తుంది, బాగానే పనిచేస్తుంది. కానీ ఫలితాన్ని నిర్ణయించేది అంకెల కంటే మనం ఇచ్చే బొమ్మ. చాలామంది చెడ్డ రిఫరెన్స్ ఇచ్చి, ఆ తప్పును స్లైడర్లతో దిద్దబోయి ఆగమవుతారు.

రిఫరెన్స్ ఎలా ఉండాలో చూద్దాం. ఫ్రేము కట్టిన పటాన్ని ఫోనుతో ఫోటో తీసి అలాగే ఎక్కిస్తే, అద్దం మీద పడిన ట్యూబులైటు మెరుపు కూడా బాణీలో భాగమే అనుకుంటుంది మిడ్‌జర్నీ. పన్నెండు బొమ్మల్లోనూ ఒక మూల తెల్లటి మసక వస్తుంటే కారణం అదే. బట్ట ముడతలూ అంతే. కాబట్టి పగటి వెలుతురులో, నీడన, అద్దం లేకుండా, ఎదురుగా నిలబడి తీయాలి. తర్వాత పటాన్ని మొత్తంగా ఇవ్వకూడదు, ముక్కలుగా కత్తిరించాలి. పటంలో ఎడ్లబండి ఉంటే అది బతుకమ్మ బొమ్మలోకి, జాతర బొమ్మలోకి కూడా దూరిపోతుంది. బాణీని మాత్రమే తీసుకోవాల్సింది వస్తువును కూడా లాక్కొస్తుందన్నమాట. దీనికి బాగా కుదిరిన ఉపాయం ఒకే చేతి పనిలోంచి మూడు ముక్కలు ఇవ్వడం. ఒకదాంట్లో మనిషి, ఒకదాంట్లో చెట్టు, ఒకదాంట్లో అంచు. వస్తువులు వేరువేరు కాబట్టి మూడింటికీ ఉమ్మడిగా మిగిలేది రంగూ గీతే.

ఆ ముక్కల్ని వెబ్‌లో ప్రాంప్టు పెట్టెలోకి లాగినప్పుడు ఏ అరలో పడుతున్నాయో చూసుకోవాలి. అక్కడ బొమ్మకు ఒక అర, స్టైలుకు ఒక అర వేరువేరుగా ఉంటాయి. పొరపాటున బొమ్మ అరలో వేస్తే పటంలోని మనుషులు, వాళ్లు నిలబడిన తీరు అంతా దిగుతుంది. "రిఫరెన్స్ ఇస్తే కాపీ కొడుతోంది" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే.

మొదటి ప్రాంప్టు ఇలా మొదలైంది:

```
women carrying bathukamma flower stacks to a lake, flat painted figures, side view --ar 3:4 --sref URL1 URL2 URL3 --sw 200 --s 50 --raw --v 7
```

ఇక్కడ `--sref` తర్వాత వచ్చేవి పటం ముక్కల లింకులు. `--raw` మిడ్‌జర్నీ సొంతంగా చేసే సింగారాన్ని తగ్గిస్తుంది. `--sw` అనేది రిఫరెన్స్ పట్టు. 0 నుంచి 1000 వరకు ఉంటుంది, ఏమీ రాయకపోతే 100. `--s` అంటే స్టైలైజ్, దీనికీ 0 నుంచి 1000, మామూలుగా 100. ఈ రెండూ ఒకే వైపు లాగుతాయని అనుకోవడమే పెద్ద అపోహ. స్టైలైజ్ అనేది మనమిచ్చిన బాణీ బలం కాదు. అది మిడ్‌జర్నీ సొంత అభిరుచి. దాన్ని 400కి పెంచితే బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ పటంలా ఉండదు. దాన్ని పట్టుకోవడానికి మూడు చోట్ల చూస్తే చాలు. కాళ్ల కింద నీడ పడిందా? ఎర్రటి నేల ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క నారింజగా మారిందా? చెంపల మీద వెలుగు మెరుస్తోందా? మూడిట్లో ఏ ఒక్కటి కనిపించినా స్టైలైజ్ ఎక్కువైనట్టే. చదును బాణీకి 25 నుంచి 100 మధ్య సరిపోయింది. సున్నా పెడితే మాత్రం గీత జీవం లేకుండా, పాఠ్యపుస్తకంలో బొమ్మలా వచ్చింది.

ఇక మిర్చి బొమ్మ. ఈ పన్నెండింట్లో ఎక్కువ సమయం తిన్నదీ, ఎక్కువ నేర్పిందీ ఇదే. మార్కెట్ యార్డులో రాశులు పోసిన ఎర్ర మిర్చి. బాణీ నేల కూడా ఎరుపే. `--sw 200` దగ్గర రాశులు నేలలో కలిసిపోయి, గాల్లో బస్తాలు మోస్తున్న హమాలీలు మాత్రం మిగిలారు. ఎవరికైనా ముందు తోచేది పట్టు తగ్గించడమే. 50కి దించితే మిర్చి కనిపించింది, బాణీ పోయింది. రేకుల షెడ్డు, దూరం వెళ్లేకొద్దీ చిన్నదయ్యే వరసలు, సిమెంటు నేల, అన్నీ ఫోటో తీరులోకి జారిపోయాయి. 100 దగ్గర రెండు జబ్బులూ సగం సగం. అంటే ఈ సమస్యకు మందు ఆ అంకెలో లేదు. చేత్తో గీసే నకాషీ కళాకారుడికి ఇదే అడ్డం వస్తే ఏం చేస్తాడు? ఎరుపుకూ ఎరుపుకూ మధ్య ఇంకో రంగు పెడతాడు. ప్రాంప్టులోనూ అదే చేయాలి:

```
heaps of red chillies on white cloth sheets, jute sacks around, two porters in blue dhotis, flat painted figures, side view --ar 3:4 --sref URL1 URL2 URL3 --sw 200 --s 50 --raw --v 7
```

తెల్ల గుడ్డ పరవగానే రాశి ఆకారం తేలింది, గోనె బస్తాలు దానికి హద్దు గీశాయి, నీలం పంచెలు మిగతా నెలల బొమ్మలతో జత కుదిర్చాయి. పట్టు 200 దగ్గరే ఉంది. క్యాలెండర్ అంతటికీ `--sw`, `--s` ఒకే అంకెల మీద నిలపాలన్నది ఇక్కడే ఖాయమైంది. ఒక్క నెలకు అంకె మార్చినా ఆ పేజీ మిగతావాటి పక్కన పరాయిదిగా కనిపిస్తుంది. బొమ్మకో రకంగా మారాల్సింది మాటలే.

కాకతీయ తోరణం కష్టం వేరే రకం. అది బాణీ సమస్య కాదు, ఆకారం సమస్య. తోరణం అన్న మాట ఇంగ్లీషులో ఎంత వివరంగా రాసినా, రెండు స్తంభాల మీద అడ్డదూలం చూసి జపాను గుడి వాకిలి తీస్తోంది. స్టైల్ రిఫరెన్స్ ఎన్ని ఇచ్చినా దీన్ని దిద్దలేవు, ఎందుకంటే వాటి పని రూపం చెప్పడం కాదు. ఇక్కడ తోరణం ఫోటోను బొమ్మ అరలోనూ, పటం ముక్కల్ని స్టైల్ అరలోనూ కలిపి ఇవ్వాలి. బొమ్మ బలం `--iw` 1 దగ్గర కుదిరింది. 2కి పోతే రాతి గరుకు, ఆకాశం కూడా ఫోటోలోంచి దిగి చదును రంగుల్ని చెడగొట్టాయి. అయినా పైనున్న చెక్కుడు పని అచ్చంగా రాదు. దూరంనుంచి చూసే గోడ క్యాలెండరుకు చెల్లుతుందేమో గానీ, గైడు పుస్తకానికి ఈ బొమ్మ పెట్టకూడదు.

కేయాస్ గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది. `--c` 0 నుంచి 100 వరకు. ఒక ప్రాంప్టుకు వచ్చే నాలుగు బొమ్మలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉండాలో చెబుతుంది, అంతే. కూర్పు వెతుక్కునే మొదటి రోజు 30 దాకా పెట్టుకోవచ్చు: బతుకమ్మ చుట్టూ ఆడేవాళ్లు గుండ్రంగా ఉండాలా, వరసగా ఉండాలా అని చూడటానికి. కూర్పు దొరికాక సున్నా. వెబ్‌లో ఈ స్లైడరు మీద Variety అని ఉంటుంది, ఒకసారి జరిపితే తర్వాతి ప్రాంప్టులకూ అలాగే నిలిచిపోతుంది. నిన్న కుదిరిన ప్రాంప్టు ఇవాళ చెదిరిపోతుంటే రిఫరెన్స్‌ను తిట్టే ముందు ఆ స్లైడరును చూడండి.

`--seed` అంటే బొమ్మ ఏ గజిబిజి చుక్కల నుంచి మొదలవ్వాలో చెప్పే అంకె. దాన్ని నిలిపితే బాణీ నిలుస్తుందని చెప్పేవాళ్లున్నారు. అది నిజం కాదు. వస్తువు మారితే సీడ్ వల్ల ఒరిగేదేమీ లేదు. అది అక్కరకొచ్చేది పోలిక చూసేటప్పుడే: ప్రాంప్టు, సీడ్ కదపకుండా `--s` ఒక్కటే మారుస్తూ పోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

ఇద్దరు కలిసి పనిచేసేచోట ఇంకో చిక్కుంది. పర్సనలైజేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఖాతా తన యజమాని ఇష్టాన్ని బొమ్మలో కలుపుతుంది, స్టైలైజ్ పెంచినకొద్దీ ఆ కలుపుడు పెరుగుతుంది. అదే ప్రాంప్టు, అవే రిఫరెన్సులు, అయినా ఒకరి మనుషులు బొద్దుగా, ఇంకొకరి మనుషులు సన్నగా వస్తారు. ఉమ్మడి పనికి ఇద్దరూ దాన్ని ఆపేసుకోవడం సులువు. ప్రాంప్టులో `--v 7` రాసి ఉంచడం కూడా అందుకే. వెర్షన్ మారితే అవే అంకెలకు వేరే రూపు వస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఒక పేజీ మార్చమని ప్రెస్సు అడిగితే పాత బాణీ దొరకదు. రిఫరెన్స్ ముక్కల్ని, ప్రాంప్టుల్ని ఒకే ఫోల్డరులో దాచుకోవాలి.

మనసుకు నచ్చని సంగతి ఒకటుంది. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి గీసే కుటుంబాలు ఇంకా ఆ పనిలోనే ఉన్నాయి. కాబట్టి క్యాలెండర్ మీద "చేర్యాల పెయింటింగ్" అని అచ్చేయకూడదు, "కంప్యూటర్ చిత్రాలు" అనే ఉండాలి. రిఫరెన్స్ కోసం ఎవరి పటం ముక్కలు వాడుతున్నామో వాళ్లను అడిగి, డబ్బిచ్చి తీసుకోవాలి. వీలుంటే అట్ట మీద బొమ్మ వాళ్లతోనే గీయించుకోవడం మేలు. ఆ ఒక్క బొమ్మను పగటి వెలుతురులో ఫోటో తీసి ముక్కలు చేస్తే, లోపలి పన్నెండు పేజీలకూ అంతకంటే మంచి రిఫరెన్స్ దొరకదు.