మైనస్ 20లో మూడేళ్లు తొడిగిన బూట్లు

నెల్లూరులో చలి బూట్లేందని నవ్వకండి, నేను చేసేది రొయ్యల ప్లాంట్ కోల్డ్ స్టోర్‌లో డ్యూటీ. మే నెలలో బయట 42 ఉంటే లోపల మైనస్ 20, మధ్యలో ఉండేది ఒక తలుపు. కార్టన్లు లెక్కపెడుతూ ఒకేచోట నిలబడే పని కాబట్టి కాళ్లు ముందే చల్లబడిపోతాయి. నా బూట్లు పైన గట్టి ప్లాస్టిక్ గమ్‌బూట్, లోపల ఊడదీసే ఉన్ని లైనర్ ఉన్న రకం. జత 3,200 పడింది. మూడేళ్లు వాడాక రాస్తున్నా.

మొదటి నెల ఈ బూట్లను తిట్టుకున్నా, తప్పు మాత్రం నాదే. మామూలు షూ 8 కదా అని ఇదీ 8 తీసుకుని, చలికి భయపడి రెండు జతల కాటన్ సాక్స్ వేసేవాణ్ణి. ఇరవై నిమిషాలకి బొటనవేళ్లు సలుపు, ఇంకాసేపటికి ఆ సలుపు కూడా పోయేది. హమ్మయ్య అలవాటైపోయింది అనుకున్నా, కానీ అది తిమ్మిరి. బయటికొచ్చి చూస్తే వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. లోడింగ్ కుర్రాడు చూసి, "అన్నా, ఇది మంచిది కాదు, సాక్స్ ఒకటి తీసేయ్" అన్నాడు. తీసేస్తే ఇంకా చలి కదా అని వాదించాను గానీ, తీశాక నిజంగానే తేడా తెలిసింది.

ఎందుకంటే బూటు వేడి పుట్టించదు, కాలికి వేడి మోసుకొచ్చేది రక్తమే. ఆ వేడిని పోనివ్వకుండా ఆపేది ఉన్ని పోగుల మధ్య నిలిచిన గాలి. బిగుతుగా కుక్కితే ఆ గాలీ పోతుంది, రక్తం నడవడానికీ అడ్డమే. తర్వాత సైజు 9 తీసుకుని ఒకే ఒక మందపాటి ఊలు సాక్స్ వేశాను. 10 కూడా చూశా, నడుస్తుంటే మడమ లేచి రాసుకుపోయింది. కొనేవాళ్లు సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, వాడబోయే సాక్స్‌తోనే, లైనర్ లోపలుండగానే తొడిగి చూడండి. వేళ్లు ముందు తగిలేదాకా కాలు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి, తర్వాత కాలు వెనక్కి లాగి నిలబడితే వేళ్లు ఆడాలి. అదనంగా ఇన్‌సోల్ వేయాలనుకుంటే అది వేశాకే ఇదంతా చూడాలి.

ఇన్‌సోల్ అవసరమే. పాదం కింద మన బరువుకి ఉన్ని నలిగిపోతుంది కాబట్టి సాక్స్ ఎంత మందమైనా అక్కడ పనిచేయదు, గడ్డకట్టిన నేల చలి నేరుగా ఎక్కుతుంది. నేను ఫెల్ట్ ఇన్‌సోల్ వేశాను, అలాగే లెక్క రాసేటప్పుడు ఖాళీ ప్యాలెట్ మీద నిలబడతాను, దానికి ఖర్చు లేదు.

అసలు కష్టం చలికంటే మన చెమట. ఈ ప్లాస్టిక్ గాలి ఆడనివ్వదు. నేను గేటు దగ్గరే బూట్లు తొడుక్కుని ఆ ఎండలో ఆవరణంతా తిరిగి లోపలికి పోయేవాణ్ణి, అప్పటికే సాక్స్ తడి. ఒకరోజు అనుమానమొచ్చి రొయ్యల కౌంట్ చూసే కాంటా మీద లైనర్ జత తూచాను. పొద్దున కంటే సాయంత్రం 38 గ్రాములు ఎక్కువ! ఆ తడంతా నా కాళ్ల నుంచే. ఇప్పుడు బూట్లు చేత్తో పట్టుకుపోయి, తలుపు దగ్గర కాళ్లు తుడుచుకుని, పొడి సాక్స్ వేసుకుని వెంటనే లోపలికి. టీ బ్రేక్‌లో విప్పేస్తాను, మధ్యాహ్నం రెండో జత. కాటన్ మాత్రం వద్దు, తడిస్తే కాలికి అంటుకుని చల్లగా ఉండిపోతుంది.

జాకెట్ జిప్ తీసి తిరిగినా కాళ్లే చల్లబడతాయి, ఒళ్లు చలిగా ఉంటే శరీరం ముందు చేతులకి, కాళ్లకి రక్తం తగ్గిస్తుంది. ఇది తెలియక ఎన్నాళ్లు బూట్లని తిట్టానో. వేళ్లు తిమ్మిరెక్కితే బయటికొచ్చి మెల్లగా వెచ్చబడనివ్వండి, రుద్దడం, వేడినీళ్లలో పెట్టడం వద్దు, స్పర్శ లేనప్పుడు కాలినా తెలీదు. తెలుపు పోకపోయినా, స్పర్శ తిరిగి రాకపోయినా డాక్టర్ దగ్గరికి పోండి. షుగర్ ఉండి కాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లు సలుపు వచ్చేదాకా ఆగకూడదు, అది రాకపోవచ్చు.

బూట్ల లోపాలు కూడా చెప్పాలి. ఏడాదిన్నరకే లైనర్ మడమ దగ్గర పలచబడింది, కొత్తది 600. రెండేళ్లకి సోల్ వంగేచోట పగిలింది, పంచర్ అతికించే గమ్‌తో నెట్టుకొస్తున్నా. ప్రాసెసింగ్ హాల్లో నీళ్లు పైనుంచి పోతే లైనర్ ఆరడానికి రెండు రోజులు, ఫ్యాన్ కింద పెట్టినా సరే. నవంబర్ వానల్లో అయితే అసలు ఆరదు, అందుకే రెండో లైనర్ కొని ఒకటి తొడిగితే ఇంకొకటి ఇంట్లో దండెం మీద వేలాడదీస్తున్నా. మా ఆవిడకి ఆ వాసన పడదు.